చీటీ పాట: చేతికెంత, కట్టేదెంత?

మా గౌనిపల్లిలో చీటీలు వేసే ఆడవాళ్ళు చాలామందే. చీటీ ఎత్తినామెకు ఎంత వస్తుంది, మిగతావాళ్ళు ఆ నెల ఎంత కట్టాలి అనే లెక్క మాత్రం నడిపే మనిషికే వదిలేస్తారు. అది వేళ్ళమీద తేలే లెక్కే.

లక్ష రూపాయల చీటీ అనుకోండి. 20 మంది, 20 నెలలు, నెలకు తలా 5,000. ఒకామెకు బోరు వేయించాలి, డబ్బు అర్జెంటు. 25,000 వదులుకుని పాడింది. చేతికి 75,000 వస్తుంది. ఆమె వదిలిన 25,000లోంచే నడిపే మనిషి కమిషన్ తీసుకుంటుంది. నూటికి 5 చొప్పున, అదీ మొత్తం లక్ష మీద, అంటే 5,000. మిగిలిన 20,000 అందరికీ పంచితే తలా 1,000. పాడినామెకూ వాటా ఉంది. ఆ వెయ్యి చేతికివ్వరు, కంతులో తగ్గిస్తారు. కాబట్టి ఆ నెల ఒక్కొక్కరూ 4,000 కడితే చాలు.

మోసం జరిగితే ఇక్కడే. పాడినామెకిచ్చే 75,000లోంచి కమిషనని ఇంకో 5,000 పట్టుకునేవాళ్ళుంటారు. కనిపెట్టడం సులువే. ఆ నెల వసూలు 80,000. అందులో 75,000 ఆమెకు, 5,000 కమిషన్‌కు సరిపోయాయి. 70,000 చేతిలో పెడితే, తక్కిన 5,000 ఎక్కడని అడగాల్సిందే.

1982 చిట్ ఫండ్ చట్టం కమిషన్‌ను 5 శాతం దాటనివ్వలేదు, 2019 సవరణ 7 దాకా ఒప్పుకుంది. 7 అయితే పై లెక్కలో తలా 900 వస్తుంది.

ఆఖరి నెల పోటీకి ఎవరూ ఉండరు, కమిషన్ మాత్రం ఉంటుంది. అందుకే చివరిదాకా ఓపిక పట్టినామెకూ పూర్తి లక్ష రాదు, 95,000 వస్తుంది.