తాళంచెవితో పాటు ఓ సందేశం

హైదరాబాద్‌లో ఇల్లు మారి పాలు పొంగించగానే అడిగే మొదటి మాట: నీళ్లు ఎప్పుడొస్తాయి? 'రోజు విడిచి రోజు' అంటారు ఓనరు. అది సగం జవాబే. జలమండలి నీళ్లు ముందు సంపులో పడతాయి. మోటారు వేస్తేనే మిద్దెమీద ట్యాంకుకు ఎక్కుతాయి. సంపు ఎంత, మోటారు ఎవరు వేస్తారు అన్నది తెలియాలి.

సంపు లెక్క

రెండు పోర్షన్ల ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారనుకుందాం. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రభుత్వ ప్రమాణం. అంటే రోజుకు 1,080 లీటర్లు. 1,000 లీటర్ల ట్యాంకు రోజూ నింపాల్సిందే. 5,000 లీటర్ల సంపు నిండుగా ఉంటే నాలుగు రోజులు దాటుతాయి. ఒకసారి నీళ్లు రాకపోయినా గడుస్తుంది. వరుసగా రెండుసార్లు రాకపోతే బోరో, ట్యాంకరో చూసుకోవాలి.

ఇదంతా తెలిసిన ఇల్లుగలావిడ కొత్తగా దిగినవాళ్లకు ఇలా రాయొచ్చు:

"అమ్మా, మీరు మన ఇంటికి రావడం సంతోషం. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున వస్తాయి. ఆరింటికి మోటారు నేనే వేస్తాను. నేను ఊళ్లో లేనప్పుడు మీరు వేయాలి, స్విచ్చి మెట్ల కింద ఉంది. ట్యాంకు అరగంటలో నిండుతుంది. అది దాటినా ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు పడలేదంటే వెంటనే ఆపేయండి. సంపు అడుగంటి ఉంటుంది, నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది.

చెత్త ఆటో ఏడింటికి వస్తుంది. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేయండి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. రాత్రే గేటు బయట పెడితే కుక్కలు చించేస్తాయి.

గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తీయండి. ఏ స్విచ్చీ వేయొద్దు, ఆపొద్దు. బయటికొచ్చాకే 1906కు ఫోన్ చేయండి. అంబులెన్స్‌కు 108, మంటలైతే 101, మిగతా ఏ ఆపదకైనా 112. కరెంటుకు 1912, నీళ్లకు 155313. ఏ వేళైనా నా తలుపూ తట్టండి.

గోడ ఒకటే కాబట్టి రాత్రి పదింటి తర్వాత మిక్సీ వద్దు. చుట్టాలొస్తే ముందురోజు చెప్పండి, ట్యాంకు రెండుసార్లు నింపుతాను."

ఎందుకో చెప్పాలి

ఇందులో చాలా నియమాల పక్కన కారణం ఉంది. 'మోటారు ముట్టుకోవద్దు' అంటే ఓనరు లేని రోజున ఇల్లంతా ఎండుతుంది. ఎప్పుడు ఆపాలో తెలిస్తే అద్దెకున్నవాళ్లే చూసుకుంటారు. వాట్సాప్‌లో పంపడమే కాక, కాగితం మీద రాసి మోటారు స్విచ్చి పక్కన అంటించాలి. ఎండాకాలంలో నీళ్లొచ్చే వేళ మారితే కాగితం మీదా ఆ రోజే మార్చాలి.