అధికారమా, హక్కా? ఒక గీతా శ్లోకం, రెండు తెలుగులు

భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఘంటసాల గొంతులో విన్నవాళ్లున్నారు, బళ్లో కంఠస్థం చేసినవాళ్లున్నారు. ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయమని చెబుతుందన్న సారాంశం అందరి నోటా ఉన్నదే. ఇంట్లో రెండు వేర్వేరు గీతా పుస్తకాలుంటే మాత్రం ఈ శ్లోకం దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మాటను ఇద్దరు అనువాదకులు అంత వేరుగా ఎలా చెప్పారా అనిపిస్తుంది.

తెలుగులో గీతకు ప్రధానంగా రెండు దారుల అనువాదాలున్నాయి. ప్రతిపదార్థం, తాత్పర్యంతో గ్రాంథికంలో సాగేది ఒకటి. వాడుక భాషలో నేరుగా చెప్పేసేది మరొకటి. ఈ రెండు దారులకూ మచ్చుగా రెండు అనువాదాలు నేనే రాసి ఇస్తున్నాను. ఏ పుస్తకం నుంచీ ఎత్తినవి కావు.

మొదటిది: “కర్మాచరణమున మాత్రమే నీకు అధికారము, తత్ఫలములయందు ఎన్నడును లేదు. కర్మఫలమునకు నీవు హేతువు కావలదు. అకర్మయందు నీకు సంగము కలుగకుండుగాక.”

రెండోది: “పని చేయడం వరకే నీ హక్కు. దానివల్ల వచ్చేవాటి మీద నీకు ఎప్పుడూ హక్కు లేదు. వచ్చేదాని కోసమని పనిలోకి దిగకు. అలాగని పని మానేద్దామనీ అనుకోకు.”

మొదటి తేడా ‘కర్మ’ దగ్గరే. గ్రాంథిక అనువాదకుడు సంస్కృత పదాన్ని కదిలించలేదు. ఎందుకంటే వ్యాఖ్యాతల దృష్టిలో కర్మ అంటే ఏ పనైనా కాదు, శాస్త్రం విధించిన పని. రోజూ చేయాల్సినవి, సందర్భం వచ్చినప్పుడు చేయాల్సినవి, కోరికతో చేసేవి అని అందులో రకాలున్నాయి. ‘పని’ అనగానే ఆ విభజన పోతుంది. వాడుక భాష అనువాదకుడి ఇబ్బంది ఇంకోటి. ఈ కాలం తెలుగులో ‘నా కర్మ’ అంటే తలరాత, ‘కర్మలు’ అంటే చనిపోయినవాళ్లకు చేసే తంతు. యుద్ధం చేయనంటున్న అర్జునుడితో కృష్ణుడు మాట్లాడుతుంటే పాఠకుడి చెవిలో పెద్దకర్మ మోగకూడదు కదా! అందుకే అతను ‘పని’ని పట్టుకున్నాడు. అక్కడ నా ఓటు అతనికే.

తర్వాతి మాట దగ్గర మాత్రం ఓటు మారుతుంది. శ్లోకంలో ఉన్నది ‘అధికారః’. ఇవాళ మనకు అధికారం అంటే పదవి, పెత్తనం. అధికారి అంటే ఆఫీసులో సంతకం పెట్టేవాడు. ఆ అర్థం ఇక్కడ పొసగదని రెండో అనువాదకుడికి తెలుసు కాబట్టి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన ‘హక్కు’ను తెచ్చుకున్నాడు. కానీ హక్కు అనగానే ఆస్తి, వాటా, కోర్టు గుర్తొస్తాయి. ‘ఫలం మీద నీకు హక్కు లేదు’ అని చదివితే కూలి చేసినవాడు కూలి డబ్బులు అడగకూడదన్నట్టే ఉంటుంది. జీతం పెంచమన్న ఉద్యోగికి ఈ శ్లోకాన్నే అప్పజెప్పే యజమానులకు ఈ ‘హక్కు’ బాగా పనికొస్తుంది.

అధికారం అసలు అర్థం కావాలంటే మీమాంసకుల దగ్గరికి వెళ్లాలి. యజ్ఞయాగాల విధివాక్యాలకు అర్థం తేల్చడమే వాళ్ల శాస్త్రం. జైమిని పూర్వమీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం మొత్తం అధికారం మీదే నడుస్తుంది. అక్కడ అధికారం అంటే ఫలానా క్రతువు చేయడానికి ఎవరు తగినవారు అన్న విషయం. తగినవాణ్ని గుర్తించడంలో మొదటి ఆనవాలు కోరికే. స్వర్గం కోరేవాడు ఫలానా యాగం చేయాలి అని విధి ఉంటే, స్వర్గం కోరడమే అతన్ని ఆ యాగానికి తగినవాణ్ని చేస్తుంది. ఫలం ఆశించనివాడికి ఆ క్రతువుతో సంబంధమే లేదు.

ఇప్పుడు శ్లోకాన్ని మళ్లీ చూడండి. పని చేయడానికి నువ్వు తగినవాడివే, కానీ ఆ తగడం ఫలాపేక్ష వల్ల వచ్చింది కాదు అంటోంది గీత. ఆనాటి శాస్త్రం ఒకే ముడి వేసిన రెండింటినీ విడదీస్తోంది. ఈ తెగువ ‘హక్కు’లో కనిపించదు. ‘అధికారము’లో ఉంది గానీ, కింద వ్యాఖ్య చదవనివాడికి అందులోనూ అందదు. నన్నడిగితే ‘పని చేయడం వరకే నీ వంతు’ అంటాను. అది కూడా పూర్తి మాట కాదు. తగినవాడనే అర్థం జారిపోతుంది, కూలివాడి నోరు నొక్కకుండా మాత్రం ఉంటుంది.

అన్నిటికంటే చిక్కైనది మూడో పాదం. ‘కర్మఫలహేతుః’ అన్న ఒక్క సమాసాన్ని ముగ్గురు వ్యాఖ్యాతలు మూడు విధాలుగా విడదీశారు. శంకరుల లెక్కన ఇది కర్మఫలానికి హేతువు. ఫలం మీద దాహం ఉంటే ఆ ఫలాన్ని, అంటే మరో జన్మను, తెచ్చుకోవడానికి నువ్వే కారణమవుతావు, అలా కావద్దు అని. శ్రీధరస్వామి దీన్ని బహువ్రీహిగా తీసుకున్నారు. కర్మఫలమే ఎవరికి ప్రేరణో అలాంటివాడివి కావద్దు అని. రామానుజులు ద్వంద్వం చేశారు. కర్మకూ ఫలానికీ రెండింటికీ నువ్వు కారణం కాదని భావించుకో అని. ఆకలి తీరడం లాంటి ఫలాన్ని కూడా నేనే సాధించానని అనుకోవద్దంటారు ఆయన.

అంటే మన రెండు అనువాదాల మధ్య తేడా శైలిది మాత్రమే కాదు. ‘హేతువు కావలదు’ అన్నది శంకరుల విడదీత మీద నిలబడింది. ‘వచ్చేదాని కోసమని దిగకు’ అన్నది శ్రీధరుల దారి. ‘చేసేది నేనే అనుకోకు’ అన్న ధోరణి కనిపిస్తే దాని వెనక రామానుజులున్నారని పట్టేయవచ్చు. ఏ గీతా పుస్తకం ఏ సంప్రదాయం నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ముందుమాట కంటే ఈ పాదం త్వరగా చెబుతుంది. కాకపోతే కొన్ని పుస్తకాల్లో ప్రతిపదార్థం ఒకరిది, తాత్పర్యం మరొకరిది అయి ఉంటుంది. అలాంటి చోట రెండూ పొసగక పాఠకుడు తికమకపడతాడు.

నాలుగో పాదానికి వస్తే, మూలంలో కర్త ‘సంగః’, అంటే అంటు, ఆసక్తి. అది నీకు కలగకుండుగాక అని వాక్యం. ఆ ‘గాక’ వాడుక తెలుగులో దాదాపు దీవెనల్లోనే మిగిలింది. అందుకే రెండో అనువాదకుడు కర్తను మార్చి ‘నువ్వు అనుకోకు’ అని తిప్పాడు. ‘అకర్మ’ అన్నా పాఠకుడు చెడ్డపని అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ‘పని మానేయడం’ అన్నాడు.

ఇంతకీ ఆ వాక్యం మొదట్లో ‘అలాగని’ ఎక్కణ్నుంచి వచ్చింది? శ్లోకంలో అలాంటి మాట లేదు. మూలానికి కట్టుబడేవారు దీన్ని తప్పుపట్టవచ్చు. కానీ శంకరభాష్యంలో ఈ పాదానికి ముందు ఒక ఆక్షేపణ ఉంది. ఫలమే వద్దనుకున్నప్పుడు ఇంత కష్టపడి కర్మ చేయడం దేనికి అని ఎవరికైనా తోస్తుందని, అలా తోచి పని మానడం మీద ఇష్టం పెంచుకోవద్దని ఆయన వివరణ. ఆ వివరణంతా ఈ ఒక్క ‘అలాగని’లో ఇమిడింది. గ్రాంథిక అనువాదం అదే సంగతిని కింద వ్యాఖ్యకు వదిలేసింది.