మూడు పేజీల అర్జీ, ఒక చిన్న పెట్టె

సూళగిరి దిక్కు రైతన్న ఒకరు మూడు పేజీల ఉత్తరం తెచ్చి, "దీన్ని ఆన్‌లైన్‌లో ఎక్కించండన్నా" అన్నారు. తాత కాలం నాటి మల్బరీ తోట, షెడ్డుకు చేసిన అప్పు, చచ్చిపోయిన చాకీ పురుగులు, ఆఫీసు చుట్టూ తిరిగిన బస్సు చార్జీలు, అన్నీ ఉన్నాయి. అసలు అడిగింది మాత్రం చివరి రెండు వరుసల్లో ఉంది: షెడ్డు సబ్సిడీ రెండో విడత రాలేదని.

కాగితం మీద మనం అలాగే రాస్తాం, కష్టం ముందు, కోరిక చివర. ఫారంలో అది నడవదు. హద్దు దాటితే కొన్ని పెట్టెలు మిగతాది తీసుకోవు. తెగిపోయేది తోకే, అంటే మన కోరికే.

హద్దు ఒక్కో పోర్టల్‌కు ఒక్కో రకం. కేంద్రం ఆర్‌టీఐ పోర్టల్‌లో 3000 అక్షరాలు. అందుకే 500 అక్షరాల్లో ముగించాలని కూర్చున్నాం. ఇక్కడొక చిక్కుంది. "పట్టు" అంటే మన కంటికి రెండక్షరాలు. యంత్రం గుణింతాన్నీ ఒత్తునూ విడిగా లెక్కేసి ఐదంటుంది. తమిళంలో రాసినా గుణింతాలకు ఇదే లెక్క.

ముందు ఉత్తరాన్ని రెండుగా చీల్చాం. సబ్సిడీ రాష్ట్ర పట్టు శాఖ పని, దానికి ముదల్వరిన్ ముగవరి ఉంది. పురుగుల సంగతి వేరే అర్జీ. గుడ్లు కేంద్ర పట్టు మండలి విత్తన కేంద్రానివైతే అది CPGRAMS కు పోవాలి, గుడ్ల లాట్ నంబరు, చాకీ బిల్లు కావాలి. రెండూ ఒకే అర్జీలో పెడితే సులభమైనదానికి జవాబిచ్చి అర్జీ మూసేసే ప్రమాదముంది.

సబ్సిడీది చివరికి ఇలా తేలింది:

"షెడ్డు సబ్సిడీ రెండో విడత ఇప్పించగలరు. దరఖాస్తు నంబరు ____. మొదటి విడత జనవరి 20న బ్యాంకులో పడింది. షెడ్డు మార్చిలో పూర్తయింది. ఏప్రిల్ 9న అధికారి వచ్చి చూసి ఫోటో తీసుకున్నారు. ఏడు నెలలైనా డబ్బు రాలేదు. కాగితాల్లో లోపముంటే ఏదో రాసి తెలపండి, లేకుంటే ఏ తేదీలోగా పడుతుందో చెప్పండి."

ఆ చివరి వాక్యం కోసమే ఎక్కువ సేపు పట్టింది. "చర్య తీసుకోండి" అని వదిలేస్తే "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టొచ్చు. లోపమా, తేదీనా అని అడిగితే ఆ ముక్క జవాబు కాదు.

"కాళ్ళరిగేలా తిరిగాను" అన్నది తీసేసి, తిరిగిన తేదీలు పెడదామన్నాం. ఆయనకు రెండే గుర్తున్నాయి, అందుకని అదీ వదిలేశాం. అప్పు సంగతి తీసేస్తుంటే మాత్రం రైతన్న ఒప్పుకోలేదు. ఆయన బాధ న్యాయమే. పాత ఉత్తరాన్ని పీడీఎఫ్ చేసి, బ్యాంకు పాసుబుక్కు పేజీతో కలిపి జత చేశాం.

చదివే అధికారికి తెలుగు రాకపోవచ్చు గనక, బడికి పోయే వాళ్ళమ్మాయి చేత తమిళంలో రాయించి మళ్ళీ లెక్క చూసుకున్నాం. ఫారం చేతకానివాళ్ళు 1100 కు ఫోన్ చేసి చెప్పొచ్చు. అక్కడా మొదటి మాట "రెండో విడత రాలేదు" అనే ఉండాలి. ఇచ్చిన అర్జీ నంబరును పాసుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి.