పేరు దాచితే వైఫై దాగుతుందా?

అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఇరుగుపొరుగు ఇళ్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒకచోట రౌటర్ కంపెనీ పేరు, ఇంకోచోట Flat302. ఈ పేరునే ఎస్ఎస్ఐడి అంటారు. మొదటిది రౌటర్ ఏ కంపెనీదో చెబుతుంది, రెండోది ఏ తలుపు తట్టాలో చెబుతుంది.

302 వాళ్లు పేరును vepachettu అని మార్చారనుకుందాం. దీంతో ఇంటి ఆచూకీ పోతుంది. ఇంకో లాభమూ ఉంది. డబ్ల్యూపీఏ2 పద్ధతిలో పాస్‌వర్డ్‌ను, నెట్‌వర్క్ పేరును కలిపి 4096 సార్లు లెక్క తిప్పి తాళంచెవి తయారుచేస్తారు. వేల ఇళ్లలో ఒకే పేరుంటే, ఆ పేరుకు తగిన తాళంచెవుల పట్టికను దొంగ ముందే సిద్ధం చేసుకోగలడు. ఎవరికీ లేని పేరు పెడితే ఆ పట్టిక పనికిరాదు. కానీ పాస్‌వర్డ్ 12345678 అయితే ఏ పేరూ కాపాడదు.

పేరు మార్చాలంటే రౌటర్ అడుగున అతికించిన చీటీ మీది చిరునామాను బ్రౌజర్‌లో కొట్టాలి. చాలావాటికి అది 192.168.1.1 లేదా 192.168.0.1. వైర్‌లెస్ సెట్టింగుల్లో పేరు మార్చి సేవ్ చేయగానే ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ తెగిపోతాయి. చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు, ఒక్కోదాన్నీ కొత్త పేరుకు కలుపుకోవాలి. పేరు 32 బైట్లు దాటకూడదు. తెలుగు లిపిలో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి కాబట్టి పది గుర్తులకే చోటు నిండుతుంది.

అక్కడే Hide SSID అన్న గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే ఏమవుతుంది? రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు వేసే కేక ఆగదు, అందులో పేరున్న చోటు మాత్రం ఖాళీగా పోతుంది. విండోస్ కంప్యూటర్ దాన్ని Hidden Network అని జాబితాలో చూపిస్తుంది కూడా. ఇక ఇంటివాళ్ల ఫోన్ రౌటర్‌కు కలిసే ప్రతిసారీ vepachettu అన్న పేరును గాలిలో బాహాటంగానే పలుకుతుంది. కిస్మెట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పొంచి వినేవాడికి ఆ ఒక్క పలుకు చాలు.

ఇంకో చిక్కు: దాచిన రౌటర్ తనంతట తాను పేరు చెప్పదు కాబట్టి ఫోనే వెతుక్కోవాలి. బస్టాండులోనూ, ఆఫీసులోనూ “vepachettu ఉన్నావా?” అని అడుగుతూ తిరగొచ్చు. ఇంట్లో దాచిన పేరును ఊరంతా చాటినట్టే.

అందుకే ఆ గడి జోలికి పోకండి. అదే పేజీలో భద్రతను డబ్ల్యూపీఏ3కి, అది లేకుంటే డబ్ల్యూపీఏ2-ఏఈఎస్‌కు మార్చి, డబ్ల్యూపీఎస్ ఆపి, పదహారు అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్ పెట్టండి. రౌటర్ పేజీ తెరిచే పాస్‌వర్డ్‌ను కూడా మార్చండి. తలుపుకు గట్టి తాళం పడ్డాక, నేమ్‌ప్లేటు పీకేయాల్సిన పని లేదు.