ఉద్యోగ జవాబులను దశలుగా విడదీసే జల్లెడ

ఉద్యోగ దరఖాస్తులకు వచ్చే ఈమెయిళ్లను చదివి, ఒక్కొక్కటీ 'దరఖాస్తు అందింది', 'ఇంటర్వ్యూ', 'ఆఫర్', 'తిరస్కరణ' అనే దశల్లో దేనికి చెందుతుందో తేల్చే ప్రోగ్రామ్ మెయిల్ ఫిల్టర్ల వంశంలోనిది. ఆ వంశపు తొలితరంలో చెప్పుకోదగ్గది 'ఇన్ఫర్మేషన్ లెన్స్'. అమెరికాలోని ఎంఐటీలో థామస్ మలోన్ బృందం దాన్ని తయారుచేసి, 1987లో వివరంగా ప్రచురించింది. ఉత్తరం రాసేవారే దాని రకాన్ని ఒక నమూనా ఫారంలో చెబితే, అందుకున్నవారు తమ నియమాలతో దాన్ని వేరుచేసుకోవచ్చన్నది అందులోని ఆలోచన. తెలివైన ఆలోచనే, కానీ అది పనిచేయాలంటే రాసేవారు సహకరించాలి. బయటి కంపెనీలు పంపే ఉత్తరాల మీద అలాంటి గుర్తులేవీ ఉండవు.

అందుకే తరువాతి తరం, ఉత్తరం ఎలా ఉంటే అలాగే తీసుకుని అందులోని మాటలను వెతికింది. యూనిక్స్ యంత్రాల మీద 1990లో వచ్చిన ప్రోక్‌మెయిల్ ఈ పని చేసింది. ఇలాంటి నియమాలు రాయడానికే పుట్టిన 'సీవ్' భాష 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3028గా వెలువడింది. సీవ్ అంటే జల్లెడ. అందులో ఒక నియమం ఇలా ఉంటుంది:

```
require "fileinto";
if header :contains "subject" "interview" {
  fileinto "Interview";
}
```

సబ్జెక్ట్ వరుసలో ఆ మాట కనిపిస్తే ఉత్తరం ఇంటర్వ్యూ ఫోల్డర్‌లో పడుతుంది. సీవ్ మూలరూపం పరీక్షించేది ఉత్తరం తలభాగాన్నీ పరిమాణాన్నీ మాత్రమే. లోపలి పాఠాన్ని చూసే సౌకర్యం తరువాత చేర్పుగా వచ్చింది. అయితే లోపలికి చూడగలగడంతోనే చిక్కు తీరదు. 'ఎంపికైతే ఇంటర్వ్యూకు పిలుస్తాం' అనే వాక్యం రసీదు ఉత్తరంలో ఉంటుంది. 'మీకు ఈ ఉద్యోగం ఆఫర్ చేయలేకపోతున్నాం' అన్నది తిరస్కరణలో ఉంటుంది. ఒక్క మాటను నమ్ముకున్న నియమం ఈ రెంటినీ శుభవార్తలుగా పక్కన పెడుతుంది. దరఖాస్తుదారుకు ఇది నిరాశ కలిగించే పొరపాటు.

దీనికి విరుగుడు మాటలన్నిటినీ కలిపి తూచడం. పాత ఉత్తరాలకు మనిషి ముందుగా దశలు రాసిపెడితే, ఏ మాట ఏ దశలో ఎంత తరచుగా వస్తుందో ప్రోగ్రామ్ లెక్కకట్టుకుంటుంది. ఇది బేయిస్ పద్ధతి; చెత్త మెయిల్‌ను ఏరివేయడానికి దీన్ని వాడవచ్చని పాల్ గ్రాహమ్ 2002లో రాసిన వ్యాసంతో బాగా ప్రచారమైంది. 50 తిరస్కరణ ఉత్తరాల్లో 40 చోట్ల 'అన్‌ఫార్చునేట్లీ', 20 చోట్ల 'ఇంటర్వ్యూ' ఉన్నాయనుకుందాం. 50 ఇంటర్వ్యూ పిలుపుల్లో మొదటి మాట ఒక్కసారి, రెండోది 45 సార్లు వచ్చాయనుకుందాం. రెండు మాటలూ ఉన్న కొత్త ఉత్తరానికి తిరస్కరణ వైపు 0.8ని 0.4తో గుణిస్తే 0.32 వస్తుంది, ఇంటర్వ్యూ వైపు 0.02ను 0.9తో గుణిస్తే 0.018. తిరస్కరణ వైపు దాదాపు 18 రెట్లు ఎక్కువ మొగ్గు ఉంది. 'ఇంటర్వ్యూ' అనే మాట ఉన్నా ప్రోగ్రామ్ మోసపోలేదు.

ఇంతవరకు తేలింది ఒక్క ఉత్తరం సంగతి. మనిషికి కావలసింది దరఖాస్తు సంగతి, అది అనేక ఉత్తరాల కథ. ఈ రెంటినీ కలపడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. సాధారణ సంభాషణలో ప్రతి జవాబూ తన తలభాగంలోని In-Reply-To వరుసలో ముందటి ఉత్తరం గుర్తును మోస్తుంది, దాన్ని పట్టుకుని గొలుసు కట్టవచ్చు. దరఖాస్తు వెబ్ ఫారం ద్వారా వెళ్లినప్పుడు ముందటి ఉత్తరమే ఉండదు. రసీదు నియామక సాఫ్ట్‌వేర్ చిరునామా నుంచి, ఇంటర్వ్యూ పిలుపు కంపెనీ ఉద్యోగి నుంచి వస్తాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌ను అనేక కంపెనీలు వాడతాయి కనుక పంపిన చిరునామాను బట్టి గుంపు కడితే వేర్వేరు కంపెనీలు కలిసిపోతాయి. కాబట్టి కంపెనీ పేరు, ఉద్యోగం పేరు కలిపి ఒక తాళంచెవిలా వాడాలి. ఒకే కంపెనీలో రెండు పోస్టులకు దరఖాస్తు చేసినవారికి ఈ రెండో పేరే ఆధారం.

తాళంచెవి కుదిరాక దశలకు క్రమం పెట్టాలి. మార్చి 3న రసీదు, 12న ఇంటర్వ్యూ పిలుపు, 14న 'మీ దరఖాస్తు మా దగ్గర ఉంది' అనే యాంత్రిక సందేశం వచ్చాయనుకుందాం. చివరిది చూసి ప్రోగ్రామ్ దశను మళ్లీ 'అందింది'కి దించకూడదు. ఇంటర్వ్యూ తేదీ మారినా దశ మారదు. తిరస్కరణ మాత్రం ఏ దశ నుంచైనా రావచ్చు.

పొరపాట్లన్నీ సమానం కావు. రసీదు తప్పు ఫోల్డర్‌లో పడితే పోయేదేమీ లేదు. ఇంటర్వ్యూ పిలుపు తిరస్కరణల్లో మునిగితే అవకాశమే పోతుంది. అందుకే రెండు దశల తూకం దగ్గరగా ఉన్న ఉత్తరాన్ని దేనిలోనూ వేయకుండా 'చూడాలి' అనే ఫోల్డర్‌కు పంపడం మేలు. పరీక్షించేటప్పుడు కూడా మొత్తం మీద ఎన్ని సరిగ్గా పడ్డాయన్న లెక్క చాలదు. వచ్చిన ఇంటర్వ్యూ పిలుపుల్లో ఎన్ని జారిపోయాయో విడిగా చూడాలి, అదీ శిక్షణలో వాడని ఉత్తరాలతో.