దుబాయ్ దిర్హం, చెన్నై ఈఎంఐ: రేటు ముందే ఖాయం చేసుకుంటే?

అపోహ: దిర్హం డాలరుకు కట్టి ఉంది కాబట్టి గల్ఫ్ జీతానికి మారకపు రేటు భయం లేదు.

వాస్తవం: డాలరుకు 3.6725 దిర్హంలన్న లెక్క 1997 నుంచి మారలేదన్నది నిజమే. కానీ ఆ లంకె దిర్హానికీ డాలరుకూ మధ్యే ఉంది. చెన్నైలో ఇంటి అప్పు వాయిదా కట్టేది రూపాయల్లో కదా! డాలరుతో రూపాయి ఎటు కదిలితే దిర్హంతోనూ అటే కదులుతుంది. 2007 మొదట్లో దాదాపు 44 రూపాయలున్న డాలరు ఆ ఏడాది చివరికి 39 దాటి కాస్త పైన నిలిచింది. అంటే వెయ్యి దిర్హంలకు జనవరిలో సుమారు 12,000 రూపాయలు వస్తే, డిసెంబరులో 10,700 వచ్చాయి. దుబాయ్‌లో జీతం పైసా తగ్గకపోయినా, ఇంటికి చేరే డబ్బులో తొమ్మిదో వంతు తగ్గిపోయింది. వాయిదా మాత్రం అంతే ఉంది.

అపోహ: రూపాయి ఎలాగూ పడుతూనే ఉంటుంది. ఫార్వర్డ్ చేసుకుంటే ఆ లాభం పోగొట్టుకున్నట్టే.

వాస్తవం: ఫార్వర్డ్ అంటే ఫలానా తేదీన ఇన్ని డాలర్లు లేదా దిర్హంలు ఈ రేటుకు అమ్ముతానని బ్యాంకుతో ఇవాళే చేసుకునే ఒప్పందం. ఆ రేటు బ్యాంకు చెప్పే జోస్యం కాదు. మన దేశంలో వడ్డీ రేట్లు అమెరికా కంటే సాధారణంగా ఎక్కువ కాబట్టి, ఆ తేడా కొద్దీ ఫార్వర్డ్ రేటు ఇవాళ్టి రేటు కంటే కాస్త పైన ఉంటుంది. ఈ అదనాన్నే ప్రీమియం అంటారు. అందువల్ల రూపాయి నెమ్మదిగా తగ్గడం వల్ల వచ్చే లాభంలో కొంత భాగం అమ్మేవాడికి ముందే దక్కుతుంది. వదులుకునేది అంతకు మించి పడితే వచ్చే లాభాన్ని. దీర్ఘకాలంలో రూపాయి బలహీనపడుతూ వచ్చిందన్న వాదన సరైనదే గానీ, వాయిదా గడువు దీర్ఘకాలం కోసం ఆగదు. 2013 ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది. అక్టోబరు నాటికి 61–62 మధ్యకు దిగింది. ఇంకా పెరుగుతుందని ఆగస్టులో డబ్బు అట్టే పెట్టుకున్నవారికి రెండు నెలల్లోనే పదో వంతు మేర కరిగిపోయింది.

ఫార్వర్డ్ ఏం మారుస్తుందో ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. ఇవాళ దిర్హం 22 రూపాయలు, ఆరు నెలల ఫార్వర్డ్ 22.30 అనుకుందాం. ఆరు నెలల తర్వాత 10,000 దిర్హంలు పంపాలి. ఏమీ చేయకుండా ఉంటే, దిర్హం 21కి దిగినప్పుడు 2,10,000 రూపాయలు, 24కి ఎక్కినప్పుడు 2,40,000 చేతికొస్తాయి. మొత్తానికీ ఫార్వర్డ్ చేస్తే రెండు సందర్భాల్లోనూ 2,23,000. సగానికే చేస్తే 2,16,500 నుంచి 2,31,500. అంటే 30,000 ఉన్న తేడా 15,000కి తగ్గింది. ఇక్కడ కొనుక్కున్నది లాభం కాదు, ఎంత వస్తుందో ముందే తెలియడం. ఆరు నెలల తర్వాత దిర్హం 24 ఉంటే ఫార్వర్డ్ చేసినందుకు నష్టపోయామనిపిస్తుంది. కానీ సంతకం పెట్టిన రోజున 21 కూడా అంతే సాధ్యమైన రేటు. ఫలితం తెలిశాక నిర్ణయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

అపోహ: రేటు ఖాయమైతే ముప్పు పోయినట్టే. కాబట్టి రాబోయే జీతమంతా ఫార్వర్డ్ చేసేయాలి.

వాస్తవం: ఫార్వర్డ్ తీసేసేది రేటులోని అనిశ్చితిని మాత్రమే, డబ్బు వస్తుందా రాదా అన్నది అలాగే ఉంటుంది. పై లెక్కలోనే ఉద్యోగం పోయి 10,000కి బదులు 4,000 దిర్హంలే వచ్చాయనుకోండి. ఆ రోజు రేటు 24 అయితే, మిగిలిన 6,000ను ఒప్పందంలోంచి రద్దు చేసుకోవడానికి దిర్హానికి 1.70 చొప్పున 10,200 రూపాయలు ఎదురు కట్టాలి. వచ్చిన 4,000కు 22.30 రేటున 89,200 దక్కినా, చివరికి మిగిలేది 79,000. అసలు ఫార్వర్డే లేకపోతే 96,000 వచ్చేవి. కష్టకాలంలో కాపాడాల్సిన ఒప్పందమే అప్పుడు నష్టాన్ని పెంచింది.

చిన్న మొత్తాలకు బ్యాంకులు అంత ఆసక్తి చూపవు. చూపినా, కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్య పెట్టే మార్జిన్ ప్రీమియంలో చాలా భాగం తినేయవచ్చు. కాబట్టి ముందు రద్దు ఛార్జీ, డిపాజిట్‌గా అడిగే సొమ్ము ఎంతో తెలుసుకోవాలి. ఆ తర్వాత, ఉద్యోగం కాస్త తడబడినా తప్పక వచ్చే డబ్బు, రూపాయల్లో తప్పక కట్టాల్సిన వాయిదా, ఈ రెండింటిలో ఏది తక్కువో అంతవరకే ఫార్వర్డ్ చేయాలి. మిగతాది నెలనెలా ఆనాటి రేటుకే పంపుకోవచ్చు. అక్కడ పది రూపాయలు అటూ ఇటూ అయినా వాయిదా కట్టడం ఆగదు.