వార్డెన్ సంతకం చాలదు: మొదటి పరిశోధనకు ముందు చూసుకోవలసిన పట్టిక



మా ఆసుపత్రిలో పనిచేసే ఒక సిస్టర్ పై చదువు కోసం మొదటిసారి చిన్న పరిశోధన చేయాలనుకుంది. దేవరకొండ వైపు ఒక హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లల పళ్లపై ఫ్లోరైడ్ మచ్చలు చూసి లెక్క రాయడం ఆమె ఉద్దేశం. మన నల్గొండ ప్రాంతానికి ఫ్లోరైడ్ బాధ కొత్త కాదు గనుక మంచి పనే అనుకున్నాను.

ఆ నెలలోనే మేమిద్దరం పరిశోధనల అనుమతి గురించిన ఒక ఉపన్యాసానికి వెళ్లాము. మనుషులపై చేసే ఏ పరిశోధనకైనా ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలని చెప్పారు. ఆ కమిటీలో 7 నుండి 15 మంది వరకు ఉంటారు. కనీసం సగం మంది, అధ్యక్షులతో సహా, ఆ సంస్థకు బయటివారై ఉండాలి. డాక్టర్లతో పాటు చట్టం తెలిసినవారు, మీలాంటి ఒక సామాన్య వ్యక్తి కూడా ఉంటారు. సొంత కమిటీ లేని ఆసుపత్రి రాతపూర్వక ఒప్పందంతో వేరే సంస్థ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు సిస్టర్ "మేడం, అన్నీ రాసుకున్నాను గానీ ఎక్కడ మొదలు పెట్టాలో తెలియట్లేదు" అంది. ఆమె నోట్సులో "పాల్గొనేవారి స్వేచ్ఛను గౌరవించాలి", "హాని తగ్గించాలి" వంటి మాటలున్నాయి. వాటికి ఎవరైనా అవుననే అంటారు. అందుకే ప్రతి మాటనూ ఒక ప్రశ్నగా మార్చి, పక్కన "ఏ కాగితంలో, ఏ పేజీలో ఉంది?" అని ఒక గడి గీశాము. వేలు పెట్టి చూపించలేకపోతే ఆ గడి ఖాళీయే. అలా తయారైన పట్టికలోని ఐదు ప్రశ్నలు ఇవి.

1. ఈ పద్ధతితో ఆ ప్రశ్నకు జవాబు వస్తుందా?

శాశ్వత దంతాల పైపొర తయారయ్యేది చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు. పళ్ల మీద మచ్చ పడేదీ అప్పటి నీళ్ల వల్లనే. కాబట్టి పదమూడేళ్ల పిల్ల పళ్లు చూసి ఇప్పటి హాస్టల్ నీళ్ల గురించి తీర్పు చెప్పలేము. ఆ పిల్ల పసితనంలో ఇంట్లో బోరు నీళ్లు తాగిందా, మిషన్ భగీరథ పైపు నీళ్లు ఎప్పటినుండి తాగింది అన్నది తెలియాలి. అది చెప్పగలిగేది తల్లి. ఫలితం రాని పనికి పిల్లల చేత నోరు తెరిపించడం కూడా తప్పేనని కమిటీ చూస్తుంది.

2. సంతకం ఎవరిది?

"వార్డెన్ సార్ ఒప్పుకున్నారు మేడం" అంది సిస్టర్. అప్పుడు ఉపన్యాసంలో విన్న ఖమ్మం సంగతి గుర్తు చేశాను. 2009లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ఒక అధ్యయనం జరిగింది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. ఒక్క మాట గమనించండి. ఆ సమయంలో జరిగిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణలో తేలింది. ఆ టీకా నేడు ఎన్నో దేశాలలో వేస్తున్నారు, దానికి భయపడవద్దు. అక్కడ లోపం తల్లిదండ్రులను అడగకపోవడంలో ఉంది.

వార్డెన్ ఇవ్వగలిగింది హాస్టల్ లోపలికి రావడానికి అనుమతి మాత్రమే. సమ్మతి ఇవ్వవలసింది తల్లి లేక తండ్రి, లేదా చట్టప్రకారం సంరక్షకులు. దానితో పాటు పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఏడేళ్లు నిండినవారిని నోటిమాటగా అడగాలి. పన్నెండు దాటి పద్దెనిమిది లోపువారి అంగీకారం కాగితం మీద ఉండాలి. తల్లి సరేనన్నా పిల్ల వద్దంటే వదిలేయాలి.

3. చదువురాని తల్లికి అర్థమయ్యేదెట్లా?

వేలిముద్ర వేయించడం తప్పు కాదు. కానీ మొదటి నుండి చివరి వరకు పక్కనే ఉండి విన్న సాక్షి కూడా సంతకం చేయాలి. ఆ సాక్షి పరిశోధన బృందంలోని వ్యక్తి కాకూడదు. సిస్టర్ రాసిన తెలుగు పత్రాన్ని మా వార్డు ఆయమ్మలు ముగ్గురికి చదివి వినిపించి, "ఏమర్థమయింది?" అని అడిగాము. "పళ్లకు మందు వేస్తారంట" అన్నారు ఇద్దరు. ఆ పేరా మార్చి, "మందు ఏమీ ఇవ్వము, చూసి రాసుకుంటాము. వద్దంటే మీ పిల్ల చదువుకు గాని, ఆసుపత్రిలో వైద్యానికి గాని ఏ అడ్డూ ఉండదు" అని తిరిగి రాయించాను.

4. పిల్లకు, ఇంటికి కలిగే నష్టమేమిటి?

నొప్పి లేదు గనుక నష్టం లేదని సిస్టర్ రాసింది. కానీ అందరి ముందు నోరు తెరిపిస్తే "పాచిపళ్లు" అని తోటివారు వెక్కిరిస్తారు. అందుకే ఒక్కొక్కరినే వేరే గదిలో చూడాలి. లెక్కల కాగితం మీద పేరు బదులు నంబరు ఉండాలి. పేర్ల జాబితాను విడిగా తాళం వేసి ఉంచాలి. సంతకం కోసం తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకోకుండా, పిల్లల్ని చూడవచ్చే ఆదివారమే కలవాలి.

5. అనుమతి తేదీ ముందా, పని ముందా?

ఇక్కడ సిస్టర్ ముఖం చిన్నబోయింది. అంతకు ముందే ఒక వైద్య శిబిరంలో పదకొండు మంది పిల్లల పళ్లు చూసి రాసుకుందట. జరిగిపోయిన పనికి వెనక తేదీతో అనుమతి ఉండదు. ఆ పదకొండూ పరిశోధన లెక్కలోంచి తీసేయించాను. తరువాత పద్ధతిలో ఏ మార్పు చేసినా మళ్లీ కమిటీకి చెప్పాకే చేయాలి. అందుకే ప్రతి పత్రం మీద తేదీ, ఎన్నవ ప్రతి అన్నది వేయించాము.

గడులన్నీ నిండాక ఫైలు పంపాము. కమిటీలోని సామాన్య సభ్యురాలు ఒక్క ప్రశ్న వేసింది. "తల్లిదండ్రులు వలస పోయి, పిల్ల నానమ్మ దగ్గర ఉంటే ఎవరు సంతకం పెడతారు?" పాలమూరు, దేవరకొండ వైపు వలసలు మనకు తెలియనివి కావు. అయినా మా పట్టికలో ఆ గడి లేదు. పెంచుతున్నంత మాత్రాన నానమ్మ చట్టప్రకారం సంరక్షకురాలు కాదు. తల్లిదండ్రులు పండుగకు వచ్చేదాకా ఆగాలని, రాకపోతే ఆ పిల్లను వదిలేయాలని, ఎంతమందిని అలా వదిలేశామో నివేదికలో చెప్పాలని రాసి పంపాము. అప్పుడు అనుమతి వచ్చింది. పిల్లల సంఖ్య తగ్గింది, పని రెండు నెలలు ఆలస్యమయింది.

రేపు మీ ఇంటికో, మీ మంచం దగ్గరికో ఎవరైనా పరిశోధన కాగితంతో వస్తే ఈ ప్రశ్నలు మీరూ అడగవచ్చు. కమిటీ అనుమతి ఏ తేదీన వచ్చింది? వద్దంటే నా వైద్యానికి ఏమవుతుంది? నా పేరు ఎక్కడ ఉంటుంది? సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? జవాబులు ఆ కాగితంలోనే ఉండాలి. చూపించమనండి. లేకపోతే సంతకం పెట్టకండి.